నాయన మీద రాసిన వ్యాసంలో నవ్వు ఎట్లా కలపాలి, ఎక్కడ కలపకూడదు

అనంతపురంలో మేం ఐదారుగురం ఆదివారం పొద్దున ఒకచోట కూర్చుని, ఒకరు రాసింది ఇంకొకరికి చదివి వినిపించుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్ళు మొదట తెచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకటే, ఇంట్లో పోయిన మనిషి గురించిన వ్యాసం. నాయన, అవ్వ, జేజబ్బ, ఒక్కోసారి అన్న. చదవడం అయ్యాక అడిగేది కూడా ఒకటే. "రెండో పేజీకి వచ్చేసరికి వినేవాళ్ళ మొహాలు వాడిపోతున్నాయన్నా, కాస్త నవ్వు కలపమంటున్నారు, కలిపితే మా నాయనను నేనే పలుచన చేసినట్టు అవుతుందేమోనని భయంగా ఉంది." విడివిడిగా చాలామందికి చెప్పాను కాబట్టి ఈసారి మొదటి నుంచి చివరి దాకా ఒక్కచోట రాస్తున్నా. ఉదాహరణకు మా నాయన మీద నేను రాసిన వ్యాసాన్నే తీసుకుంటా, ఎందుకంటే దాంట్లో ఏ వాక్యం ఎందుకు మార్చానో నాకు బాగా గుర్తుంది.

ఆ వ్యాసంలో సంగతి ఇది. మాది కళ్యాణదుర్గం వైపు మెట్ట ఊరు. పంట బుడ్డలు, అంటే వేరుశనగ, అదీ వాన పడితేనే. మా నాయన పదకొండేళ్ళలో నాలుగు బోర్లు వేయించాడు. మొదటి మూడింట్లో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. నాలుగోది 650 అడుగులు పోయాక ఇంచు నీళ్ళు పడ్డాయి, రెండు ఎండాకాలాలు ఆడింది, తర్వాత అదీ ఆగిపోయింది. అప్పు తీర్చడానికి రెండెకరాలు అమ్మాడు. ఇంకొన్నేళ్ళకు జబ్బు చేసి పోయాడు. ఇందులో నవ్వుకు చోటెక్కడ ఉందనిపిస్తుంది కదా, నాకూ అట్లే అనిపించింది.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

పూర్తయిన వ్యాసం ఒకటి ఉండాలి, సగం రాసింది పనికిరాదు. దాన్ని కాగితం మీద ప్రింటు తీసుకోండి, ఫోన్లో చూస్తూ ఈ పని చేయలేరు. ఒక పెన్సిల్. ఆ మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్ళు ఒకరు, అసలు ఎరగనివాళ్ళు ఒకరు, చివర్లో వినిపించడానికి. గొంతు రికార్డు చేసుకోవడానికి ఫోను. వ్యాసం రాసి కనీసం రెండు వారాలు పక్కన పెట్టి ఉండాలి. మనిషి పోయి నెల కూడా కాకపోతే మాత్రం ఈ పని ఇప్పుడు మొదలుపెట్టకండి. అప్పుడు రాసిన నవ్వు మనల్ని మనం ఓదార్చుకోవడానికి రాసుకున్నది అవుతుంది, చదివేవాళ్ళకు అది అందదు.

1. మొదట నవ్వు లేకుండానే అంతా రాసేయండి

మొదటి ప్రతిలోనే నవ్వు కలుపుతూ పోతే, చేయి తెలియకుండానే నొప్పి ఉన్న చోట నవ్వు పెట్టి అక్కడి నుంచి తప్పించుకుంటుంది. ఒకతను వాళ్ళ జేజబ్బ గురించి తెచ్చాడు. ఆసుపత్రిలో చేర్చారు అన్న వాక్యం ఉంది, దాని వెంటనే ఆయన సెలైన్ బాటిల్ చూసి "ఇది మందా, మజ్జిగా" అన్నాడని నవ్వించే మాట ఉంది, ఆ తర్వాత పేరాలో శవం ఇంటికొచ్చేసింది. మేమంతా నవ్వాం. తర్వాత ఒకామె అడిగింది, "మరి ఆసుపత్రిలో ఎన్ని రోజులున్నాడు?" తొమ్మిది రోజులట. ఆ తొమ్మిది రోజులు వ్యాసంలో లేవు. జోకు వాటిని మింగేసింది.

మీ వ్యాసంలో ఇట్లా జరిగిందో లేదో చూడాలంటే, నవ్వున్న వాక్యం మీద బొటనవేలు పెట్టి మూసి, దాని పైనా కిందా ఉన్నవి కలిపి చదవండి. మధ్యలో రోజులో, మనుషులో, ఏదో ఒక మాటో మాయమైనట్టు తెలిసిపోతుంది. తెలిస్తే, ముందు ఆ మాయమైనదాన్ని రాయండి. నవ్వు సంగతి తర్వాత.

2. నవ్వు పోకూడని చోటికి గీత గీయండి

పెన్సిల్ తీసుకుని, చదువుతుంటే మీ గొంతు పట్టేసే పేరాల పక్కన నిలువు గీత గీయండి. రెండో మూడో ఉంటాయి, అంతకంటే ఎక్కువ ఉంటే మళ్ళీ చదివి తగ్గించండి. నా వ్యాసంలో రెండే ఉన్నాయి. ఒకటి, రెండెకరాలు రిజిస్ట్రేషన్ చేసిచ్చి వచ్చిన రోజు నాయన ఇంట్లోకి రాకుండా పశువుల కొట్టంలో కూర్చుండిపోయిన సాయంత్రం. రెండోది ఆసుపత్రిలో చివరి రాత్రి.

గీత ఉన్న పేరాలో నవ్వు ఉండకూడదు. దాని ముందు రెండు వాక్యాల్లో కూడా ఉండకూడదు, ఎందుకో ఆరో మెట్టులో చెప్తా. గీత బయట మాత్రం మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది, ఈ ఒక్క గీతతో భయం సగం తగ్గుతుంది.

3. నవ్వును కల్పించొద్దు, ఇంట్లో వెతకండి

దినాల రోజు భోజనాలు అయ్యాక వేపచెట్టు కింద చేరి చుట్టాలు ఏం మాట్లాడుకుంటారో గుర్తు తెచ్చుకోండి. అంతసేపూ ఏడ్చినవాళ్ళే, "ఆయప్ప పెండ్లికి పోతే ఆకు ఎత్తేదాకా లేచేవాడు కాదు" అని మొదలుపెడతారు, నవ్వుతారు, నవ్వుతూనే కొంగుతో కండ్లు తుడుచుకుంటారు. మీక్కావలసిన సరుకు అంతా అక్కడే ఉంది. అప్పుడు మీరు వినకపోయుంటే ఇప్పుడు మీ పెద్దమ్మకో చిన్నాయనకో ఫోన్ చేసి అడగండి. "ఏదన్నా నవ్వొచ్చే సంగతి చెప్పు" అని మాత్రం అడగొద్దు, అట్లా అడిగితే ఎవరికీ ఏదీ గుర్తుకు రాదు. ఇట్లా అడగండి: ఆయన దేని మీద మొండికేసేవాడు? ఇంట్లో ఎవరికీ తెలీకుండా ఏం దాచేవాడు? పారేయాల్సిన వస్తువుల్లో దేన్ని పారేయనిచ్చేవాడు కాదు? తప్పు తనదైనప్పుడు ఎవరి మీదికి నెట్టేవాడు?

మా ఇంట్లో మూడో ప్రశ్నా నాలుగో ప్రశ్నా రెండూ ఒకే చోటికి తెచ్చాయి, టెంకాయ దగ్గరికి.

మా వైపు బోరు వేసే ముందు పాయింటు చూపిస్తారు. చూసే ఆయన అరచేతిలో టెంకాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. నీళ్ళున్న చోటికి వచ్చేసరికి అది నిటారుగా లేచి నిలబడుతుందని నమ్మకం. కొందరు వేపపుల్లతో చూస్తారు. మా చేన్లో నాలుగుసార్లూ టెంకాయ లేచి నిలబడింది. ప్రతిసారీ పాయింటు అయ్యాక ఆ టెంకాయను నాయన ఇంటికి తెచ్చుకునేవాడు, అందరూ పని జరిగిన చోటే కొట్టేసి పంచుతారు, ఈయన పంచడు. బోరు బండి వచ్చి, రాత్రంతా ఊరికి నిద్ర లేకుండా మోగి, తెల్లటి దుమ్ము ఎగజిమ్మి, ఇంక లాభం లేదని రాడ్లు పైకి లాగేసుకుని వెళ్ళిపోయాక, మరుసటి రోజు పొద్దున మా ఇంట్లో టెంకాయ ఊరిబిండి, అంటే రోటి పచ్చడి, ఉండేది. పైగా ఆయన ఎప్పుడూ టెంకాయను తప్పు పట్టలేదు. "టెంకాయ అబద్ధం చెప్పలేదప్పా, బండోడే రెండడుగులు పక్కకు పెట్టినాడు" అనేవాడు.

ఈ రెండు సంగతుల్లో నేను కల్పించింది ఏమీ లేదు. మీకు దొరికేదీ ఇట్లాగే ఉండాలి. ఒక వస్తువు, ఒక అలవాటు, ఆ మనిషి నోటి నుంచి వచ్చిన ఒక మాట. వాట్సాప్‌లో చూసిన జోకును మీ నాయన నోట్లో పెట్టకండి, ఆయన్ను ఎరిగినవాళ్ళు మొదటి మాటకే పట్టేస్తారు.

4. దొరికినదాన్ని జల్లెడ పట్టండి

పది సంగతులు దొరికితే ఏడు పారేయాల్సి వస్తుంది. నేను పెట్టుకున్న జల్లెడ చాలా చిన్నది. ఆ మనిషి ఎదురుగా మంచం మీద కూర్చుని వింటున్నాడనుకోండి, ఈ వాక్యానికి ఆయన కూడా నవ్వుతాడా, లేక తల వంచుకుంటాడా?

మనిషి తానుగా ఎంచుకున్నవి నవ్విస్తాయి. మొండితనం, పిసినారితనం, గొప్పలు, భయాలు, ఒకే మాట పదిసార్లు అనడం. మనిషి మీద వచ్చి పడ్డవి నవ్వించవు. జబ్బు, చెవుడు, చదువు రాకపోవడం, అప్పు, కులం వల్ల పడిన మాట. మా నాయన టెంకాయను నమ్మడం ఆయన ఎంచుకున్నది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్ర వేయబోతే సిరా చొక్కాకంతా అంటుకుంది, మా చిన్నాయన దాన్ని తమాషాగా చెప్పాడు, బాగా చెప్పాడు కూడా. నేను దాన్ని వ్యాసంలోకి రానివ్వలేదు. సంతకం రాకపోవడం ఆయన ఎంచుకున్నది కాదు, పైగా అది నేను గీత గీసిన రోజు జరిగింది.

ఇక్కడ యాస గురించి ఒక మాట చెప్పాలి. మన సీమ మాటను సినిమాల్లో చాలాకాలంగా కత్తి పట్టుకున్నవాడి నోట్లోనో, నవ్వించడానికి పెట్టిన పాత్ర నోట్లోనో పెట్టారు. దాంతో మనవాళ్ళే రాసేటప్పుడు కూడా, అమ్మ ఏడ్చే మాటలు పుస్తకాల తెలుగులో రాసి, నవ్వించే మాటలు మాత్రం "యాడికి", "ఏందిరప్పా" అని యాసలో రాస్తున్నారు. ఇది నాకు చాలా బాధ కలిగించే తప్పు. మీ వ్యాసంలో యాస మాటలన్నింటి కింద గీత గీసి చూడండి. అవన్నీ నవ్వు దగ్గరే ఉంటే, మీరు నవ్వుతున్నది మనిషిని చూసి కాదు, మాటను చూసి. బాధలో ఆయన అన్న మాటను కూడా ఆయన అన్నట్టే రాయండి. మా నాయన ఆసుపత్రిలో "ఇంటికి పోదాం పాప్పా, బుడ్డలు పెరికే టైమైంది" అన్నాడు. దాన్ని అట్లే రాశాను, అక్కడ ఎవరూ నవ్వలేదు.

జల్లెడలో ఏమీ మిగలకపోతే? మనిషిని వదిలేసి చుట్టూ ఉన్నవాటిని చూడండి. చిన్న వయసులో పోయినవాళ్ళ గురించి, తానుగా ప్రాణం తీసుకున్నవాళ్ళ గురించి రాస్తున్నప్పుడు ఆ మనిషి మీద నవ్వు దాదాపు ఎప్పుడూ కుదరదు, కుదిరించడానికి ప్రయత్నించవద్దు కూడా. కానీ ఇంట్లో పొగరుబోతు మేక ఉండొచ్చు, ప్రతి శవం దగ్గరా పెత్తనం చేసే మామ ఉండొచ్చు. వాటికీ చోటు లేకపోతే నవ్వు లేకుండానే వదిలేయండి. అట్లాంటి వ్యాసంలో లోపం ఏమీ ఉండదు.

5. వాక్యాన్ని కట్టడం

తెలుగులో క్రియ చివరికి వస్తుంది, నవ్వించే మాట చాలాసార్లు నామవాచకం. అందుకని మామూలుగా రాసుకుంటూ పోతే నవ్వు వాక్యం మధ్యలో వచ్చి, "ఉండేది", "చేసేవాడు" అన్న తోక దాని మీద పడి చల్లారిపోతుంది. ఇది చూడండి.

"మా నాయన అప్పులోళ్ళకు, వీఆర్వోకు, దయ్యాలకు భయపడేవాడు కాదు గానీ మా జేజికి మాత్రం బాగా భయపడేవాడు."

తప్పు లేదు, కానీ జేజి మధ్యలో నలిగిపోయింది. ఇప్పుడు ఇట్లా తిప్పండి.

"మా నాయన అప్పులోళ్ళకు భయపడలేదు, వీఆర్వోకు భయపడలేదు. ఆయన భయపడింది మా జేజికి."

"భయపడింది", "తెచ్చింది", "నమ్మింది" అని క్రియను ముందుకు లాగితే అసలు మాట చివర నిలబడుతుంది. చివరి మాట తర్వాత చుక్క పెట్టి ఆపేయండి. ఆశ్చర్యార్థకం వద్దు, మూడు చుక్కలు వద్దు, "మా అందరికీ ఒకటే నవ్వు" అన్న వాక్యం అసలే వద్దు. చదివేవాళ్ళు నవ్వాలా వద్దా అన్నది వాళ్ళకు వదిలేయాలి. "అమాయకంగా", "తమాషాగా" లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయండి, అవి చదివేవాళ్ళ మోచేతిని పొడిచి నవ్వు నవ్వు అన్నట్టు ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి, సంఖ్యలు మార్చొద్దు. మొదట నేను "పది బోర్లు" అని రాశాను, ఎక్కువ ఉంటే ఎక్కువ నవ్వొస్తుందనుకుని. చదివిన ఒకాయన "పది బోర్లకు డబ్బెక్కడిది?" అన్నాడు. ఆ ఒక్క అనుమానంతో వ్యాసంలో ఉన్న అప్పు, పొలం, ఆసుపత్రి అన్నీ అనుమానంలో పడ్డాయి. బాధ నిజమని నమ్మాలంటే నవ్వు కూడా నిజమే అయి ఉండాలి. నాలుగు అని దిద్దాను, అడుగులతో సహా రాశాను. 280, 410, 520, 650. ఆ అంకెలు పేర్చినందుకే ఎక్కువ నవ్వొచ్చిందని, ఎక్కువ బాధ కూడా వేసిందని తర్వాత చెప్పారు.

6. ఎక్కడ పెట్టాలి

వెయ్యి మాటల వ్యాసానికి నేను మూడు చోట్లకు మించి పెట్టను. అందులో రెండు మొదటి సగంలోనే రావాలి. ఆ మనిషి బతికి నడుస్తున్నప్పుడే చదివేవాళ్ళు ఆయనతో నవ్వుకుంటే, తర్వాత ఆయన పోయినప్పుడు వాళ్ళకు తెలిసిన మనిషి పోయినట్టు ఉంటుంది. పోయిన తర్వాత మొదటిసారి నవ్వించాలని చూస్తే పరామర్శకు వచ్చి జోకేసినట్టే.

ఎక్కువమంది తప్పు చేసేది నవ్వుకూ బాధకూ మధ్య దూరంలో. నా మొదటి ప్రయత్నం ఇట్లా ఉంది.

"టెంకాయ అబద్ధం చెప్పలేదప్పా, బండోడే రెండడుగులు పక్కకు పెట్టినాడు అన్నాడు. ఆ అప్పుకే రెండెకరాలు పోయాయి."

నవ్వు ఇంకా నోట్లో ఉండగానే రెండో వాక్యం పడిపోయింది. వినేవాళ్ళు నవ్వినందుకు సిగ్గుపడ్డారు, పొలం పోయిన సంగతి మనసుకు ఎక్కలేదు. ఈ ఇబ్బంది కొత్తది కాదు. మన అలంకారశాస్త్రంలో కరుణానికి హాస్యం విరోధి అన్నారు. విరోధం ఉన్న రెండు రసాలను పక్కపక్కన పెట్టకుండా మధ్యలో మరో రసాన్ని ఉంచితే విరోధం పోతుందని తొమ్మిదో శతాబ్దంలోనే ఆనందవర్ధనుడు చెప్పాడు. మన పనికి అంత పెద్ద మాట అక్కర్లేదు. నవ్వుకూ బాధకూ మధ్య, నవ్వూ ఏడుపూ రెండూ లేని రెండు మూడు వాక్యాలు పెట్టండి చాలు. గుక్క తిప్పుకునే వాక్యాలు అంటాం మేము. రంగు, వాసన, వాతావరణం, చేతిపని, ఏదైనా సరే, కంటికి కనబడేది కావాలి. గీత ముందు రెండు వాక్యాల్లో నవ్వు వద్దని అన్నది ఇందుకే.

దిద్దాక ఇట్లా అయింది.

"'టెంకాయ అబద్ధం చెప్పలేదప్పా, బండోడే రెండడుగులు పక్కకు పెట్టినాడు' అన్నాడు. బండి పోయాక చేన్లో తెల్లటి దుమ్ము పిండి చల్లినట్టు మిగిలింది. బుడ్డచెట్ల ఆకుల మీద కూడా అదే. వాన పడేదాకా అది అట్లే ఉంది. ఆ వాన కార్తీకంలో పడింది, అప్పటికి రెండెకరాలు మావి కావు."

బాధ వాక్యం పెద్దగా మారలేదు, దానికి దారి ఏర్పడింది, అంతే.

పేరా చివర నవ్వు పెట్టడం మీకు అలవాటైతే దాన్ని మానుకోండి. పేరా చివరి మాట మనసులో ఎక్కువసేపు మోగుతుంది. నవ్వును పేరా మధ్యలో వదిలేసి నడిచి వెళ్ళిపోతేనే అది మెత్తగా ఉంటుంది.

మనిషి పోని దుఃఖానికీ ఇదే కొలత సరిపోతుంది. కర్నూలు స్నేహితుడొకడు 2009 అక్టోబరు వరద గురించి రాశాడు, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినప్పటి సంగతి. వాళ్ళ ఇల్లు పాతబస్తీలో. నీళ్ళు నడుముదాకా వచ్చినా వాళ్ళ అవ్వ ఊరగాయ జాడీ లేకుండా మిద్దె ఎక్కనంది. చివరికి జాడీ ముందు ఎక్కింది, అవ్వ తర్వాత ఎక్కింది. ఆ రాత్రి మిద్దె మీద మూడిళ్ళవాళ్ళకు ఊరగాయ ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. ఎంత బాగుందో చూడండి. అయితే మొదటి ప్రతిలో అతను అవ్వను సినిమాలో హీరోతో పోల్చాడు, పురాణంలో ప్రళయంతో పోల్చాడు, రెండు పోలికలు వచ్చి జాడీని కప్పేశాయి. పోలికలు తీసేసి, జాడీ నోటికి కట్టిన పాత పంచెగుడ్డ ఒక్కటి ఉంచమన్నాం. వరద తీశాక ఇంట్లో మోకాటిలోతు బురద ఎత్తిపోసిన పేరాలో నవ్వు ఎక్కడా లేదు, అక్కడ ఉండకూడదు.

7. నవ్వించిన వస్తువును మళ్ళీ తీసుకురండి, ఈసారి నవ్వు లేకుండా

వ్యాసమంతటిలో ఎక్కువ పని చేసేది ఈ మెట్టు. మొదటి సగంలో నవ్వించిన వస్తువు ఏదో, రెండో సగంలో అదే వస్తువు మౌనంగా కనబడాలి. మీరు వివరించొద్దు. చూపించి ఊరుకోండి.

నాయన పోయాక ఆయన ఇనుప ట్రంకు పెట్టె తెరిచాం. పాసుపుస్తకం, విత్తనాల చీటీలు, వాటి కింద గుడ్డలో చుట్టిన టెంకాయ. ఐదోది. ఐదో పాయింటు చూపించాడని మాకెవరికీ తెలీదు, బోరు వేయించడానికి డబ్బు లేక ఆగిపోయుంటాడు. ఊపితే నీళ్ళ చప్పుడు లేదు, లోపల కురిడీ గుండులాగా కదిలింది.

ఇదే నేను వ్యాసంలో రాసింది, ఇంతకు మించి ఒక్క మాట లేదు. మొదట్లో టెంకాయ ఊరిబిండి దగ్గర నవ్వినవాళ్ళెవరూ ఇక్కడ నవ్వలేదు. ఇక్కడ "ఆయన ఆశ కూడా ఆ టెంకాయలా ఎండిపోయింది" అని రాయాలని చేయి లాగుతుంది, నాకూ లాగింది, రాశాను కూడా. తర్వాత కొట్టేశాను. మీరూ అట్లాంటి వాక్యం రాసుకోండి, రాసి కొట్టేయండి, రాయకుండా ఉంటే అది తలలో తిరుగుతూనే ఉంటుంది.

మీ దగ్గర వస్తువు దొరక్కపోతే మాటతో కూడా ఇదే పని చేయొచ్చు. ఆయన ఎప్పుడూ అనే మాట మొదట నవ్వించి, చివర ఇంకొకరి నోట, కొడుకు నోటో మనవరాలి నోటో వినిపిస్తే చాలు. ఒకే వస్తువును మూడోసారి మాత్రం తేవొద్దు, మూడోసారికి అది అతికించినట్టు కనబడిపోతుంది.

8. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

ముందు ఒక్కరే గట్టిగా చదివి ఫోన్లో రికార్డు చేయండి. మరుసటి రోజు వినండి. నవ్వున్న చోటికి వచ్చేసరికి మీ గొంతు వేగం పెంచితే, లేదా కాస్త నాటకంగా మారితే, ఆ వాక్యం మీద మీకే నమ్మకం లేదన్నమాట. మిగతా వాక్యాల మాదిరే అదే గొంతుతో పలికితే అది కుదిరింది.

తర్వాత ఆ మనిషిని ఎరగనివాళ్ళకు చదివి వినిపించండి, చదువుతూ వాళ్ళ మొహం చూడండి. మీకు కావలసింది పకపకా నవ్వు కాదు. ముక్కుతో చిన్నగా ఊపిరి వదులుతారు, పెదవి ఒక పక్కకు కదులుతుంది, అంతే చాలు. గట్టిగా నవ్వితే జాగ్రత్త పడండి, తర్వాత నాలుగు వాక్యాలు వాళ్ళకు వినబడి ఉండవు. చదవడం అయ్యాక "బాగుందా" అని అడగకండి. "ఆయన ఎట్లాంటి మనిషి?" అని అడగండి. "తమాషా మనిషి" అన్నారంటే నవ్వు ఎక్కువైంది, ఒకటి తీసేయండి. "పాపం" అన్నారంటే తక్కువైంది, మొదటి పేజీలో ఒకటి కలపండి. నా వ్యాసం విన్న ఒకామె "మొండోడు, కానీ ఆయన ఇంట్లో నేనూ ఉండుంటే బాగుండు" అంది. అప్పుడు పెన్సిల్ పక్కన పెట్టాను.

చివరగా ఆ మనిషిని దగ్గరగా ఎరిగినవాళ్ళకు వినిపించాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, ఇంట్లోవాళ్ళు బాధపడతారేమోనని టెన్షన్. బాధపడితే ఏ వాక్యం దగ్గర బాధపడ్డారో చూసి, నాలుగో మెట్టులో చెప్పిన జల్లెడ ఇంకోసారి పట్టండి. వాళ్ళు వద్దన్న వాక్యం తీసేయండి, దాని గురించి వాదించకండి. సంగతులు తప్పుంటే చెప్పమని కూడా అడగండి.

నేను మా అమ్మకు వినిపించాను. నా వ్యాసంలో "బోరు పోయిన మరుసటి రోజు పొద్దున అమ్మ టెంకాయ ఊరిబిండి నూరేది" అని ఉంది. అమ్మ అక్కడ ఆపింది. "నేను నూరలేదు నాయనా. బోరు పోయిన రోజు నాకు చేయి ఆడేది కాదు, పొయ్యి కూడా ముట్టించేదాన్ని కాదు. ఆయనే పొద్దున్నే లేచి రోట్లో నూరి, సంగటి చేసి, అందరినీ లేపేవాడు. మీరు చిన్నోళ్ళు, మీకేం తెలుసు." అంతవరకూ ఆ వాక్యం నవ్వు వాక్యాల్లో మొదటిది. ఇంటికొచ్చి దాన్ని ఇట్లా మార్చాను.

"బోరు పోయిన మరుసటి రోజు పొద్దున మా ఇంట్లో టెంకాయ ఊరిబిండి. నూరేది నాయన."